‘ఊకెనే చేసిన మేడం’

ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్లలో చాలాచోట్ల ఫోన్ ఎత్తేది డాక్టర్లు కాదు, వాలంటీర్లు. కొత్త బృందం శిక్షణకు వచ్చిన మొదటి ఉదయం, పాఠాల్లోకి వెళ్లకముందు నేను వాళ్లకు చెప్పే మాటలివి. బయటివాళ్లకు కూడా తెలియడం మంచిదని కాస్త విడమరిచి రాస్తున్నాను. ఇలాంటి ఫోన్ ఏదో ఒక రాత్రి మన తమ్ముడి నుంచో, పక్కింటి అమ్మాయి నుంచో మనకే రావచ్చు.

ఇక్కడికి ఎందుకు వచ్చారని అడిగితే మీలో చాలామంది ఒకే జవాబు చెప్పారు: ‘నేను మంచి సలహా ఇవ్వగలను’ అని. నిజమే అయ్యుంటుంది. బంధువుల్లో తగాదా వస్తే పంచాయితీ మీ దగ్గరికే వస్తుందేమో. పిల్లాడు ఏ కోర్సులో చేరాలో మిమ్మల్నే అడుగుతారేమో. ఆ నేర్పు తప్పని నేను అనను. కానీ ఈ కుర్చీలో కూర్చున్నాక మొదటి అరగంటా అదే మీకు అడ్డం పడుతుంది. అవతలి మనిషి రెండు ముక్కలు మాట్లాడి ఆగిపోయేవాడైతే మరీనూ.

ఈ పని ఎక్కడ మొదలైందో చూస్తే సంగతి తేటగా కనబడుతుంది. చాద్ వారా అని ఇంగ్లండులో ఒక చర్చి గురువు ఉండేవారు. 1935లో, కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, 14 ఏళ్ల ఒక అమ్మాయికి ఆయన అంత్యక్రియలు జరిపించాల్సి వచ్చింది. నెలసరి మొదలైతే ఏదో చెడ్డ జబ్బు అంటుకుందనుకుని ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. అడగడానికి ఆమెకు ఎవరూ దొరకలేదు. అది ఆయన్ని వదల్లేదు. 1953 నవంబరులో, లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో, చనిపోవాలనుకునేవాళ్ల కోసం ఆయన ఒక ఫోన్ పెట్టారు. ఫోన్ చేసేవాళ్లతోపాటు నేరుగా వచ్చేవాళ్లూ ఎక్కువే. సలహాలిచ్చే మనిషి ఆయనొక్కరే, లోపలి గదిలో. తమ వంతు వచ్చేదాకా ఎదురుచూసేవాళ్లకు టీ ఇచ్చి, తోడుగా కూర్చోవడానికి కొందరు మామూలు మనుషులు స్వచ్ఛందంగా వచ్చారు. కొన్నాళ్లకు ఆయన ఒకటి గమనించారు. బయట కూర్చున్నవాళ్లలో చాలామంది టీ తాగి, ఆ తోడు కూర్చున్నవాళ్లతో మాట్లాడి, లోపలికి రాకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు. 1954 ఫిబ్రవరిలో ఆయన ఆ పనిని ఆ బయటి గదివాళ్లకే అప్పగించేశారు. సమారిటన్స్ సంస్థ అలా నిలబడింది. మన దగ్గర చెన్నైలో 1986లో మొదలైన స్నేహ, హైదరాబాద్‌లో 1997లో వచ్చిన రోష్ని కూడా ఈ దారిలో నడిచినవే.

మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టేది ఆ బయటి గదిలో. లోపలి గది మనకు లేదు.

ఇప్పుడు ఒక కాల్ చూద్దాం. ఇది జరిగినది కాదు, సాధన కోసం మేం అల్లుకున్నది. ఇలాంటివి వస్తాయి కాబట్టే ఇలా అల్లాం. రాత్రి పదకొండు దాటింది. చేసినవాడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రాడు. ఆ సంగతి మనకింకా తెలియదు. ఫోన్ ఎత్తిన వాలంటీరు ‘నమస్కారం, చెప్పండి’ అంది. జవాబు లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. కొంతసేపటికి:

“హలో...”

“చెప్పండి, వింటున్నాను.”

“ఏం లే మేడం. ఊకెనే చేసిన.”

“పర్వాలేదు, చెప్పండి. ఏమైనా సమస్యా?”

“రిజల్ట్ వచ్చింది.”

“ఓ, పరీక్ష పోయిందా? దానికే ఇంత దిగులు పడితే ఎలాగండీ! ఈసారి కాకపోతే వచ్చేసారి. గవర్నమెంటు ఉద్యోగమే జీవితం కాదు కదా. ఎంతమంది ప్రైవేటులో స్థిరపడలేదు? ఇంట్లో అమ్మానాన్నల్ని తలుచుకోండి. రేపు పొద్దున లేచి అలా నడిచిరండి, మనసు తేలికవుతుంది.”

“సరే మేడం. థ్యాంక్స్ మేడం.”

ఫోన్ పెట్టేశాడు. వాలంటీరు రిజిస్టరులో రాసింది: ‘పరీక్ష తప్పిన బాధ. ధైర్యం చెప్పాను. కాలర్ కృతజ్ఞతలు తెలిపారు.’

ఆ ‘సరే మేడం, థ్యాంక్స్ మేడం’ని బాగా గుర్తుపెట్టుకోండి. కాల్ చెడిపోయిందనడానికి మన భాషలో అంతకన్నా గట్టి ఆనవాలు ఉండదు. మనవాళ్లు పెద్దవాళ్లతో వాదించరు. మేడం, సార్ అన్నవాళ్లు చెప్పింది నచ్చకపోతే ఇంకా మర్యాదగా ఒప్పేసుకుంటారు. నిజంగా తేలికపడ్డ మనిషి అంత గబుక్కున వెళ్లడు. నసుగుతాడు, ఇంకో మాట కలుపుతాడు, చెప్పిందే మళ్లీ చెబుతాడు. మర్యాదగా మూసుకున్న తలుపుని మనం గెలుపని రాసుకుంటాం. నన్నడిగితే ఈ పనిలో బూతులు తిట్టి ఫోన్ పెట్టేసినవాళ్ల కన్నా ఇలా దండం పెట్టి వెళ్లిపోయినవాళ్ల గురించే ఎక్కువ కంగారు పడాలి.

మరి ఆ వాలంటీరు అంత తొందరపడిందెందుకు? మంచి మనిషే. ఆమెను తోసింది నిశ్శబ్దం. మామూలు సంభాషణలో ఒకరు మాట ఆపడానికీ మరొకరు అందుకోవడానికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో భాషాశాస్త్రజ్ఞులు కొలిచారు. జపనీస్, డేనిష్, కొరియన్ లాంటి పది భాషల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో ఆ ఖాళీ సగటున సెకనులో అయిదో వంతు దగ్గర తేలింది. మనుషులు సాధారణంగా అంత వెంటవెంటనే మాటలు అందుకుంటారు. కాబట్టి ఫోన్‌లో మూడు సెకన్ల మౌనం వస్తే మీ ఒంటికి అది ప్రమాదంలాగే తోస్తుంది. నోరు దానంతటదే తెరుచుకుంటుంది. తెరుచుకున్న నోటికి అన్నిటికన్నా దగ్గరగా దొరికేది సలహాయే. అంటే ఆ సలహా అవతలివాడికి కావలసి వచ్చింది కాదు, మనకు ఊపిరాడక ఇచ్చింది.

ఇంకో సంగతి బడి నుంచి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త సైన్సు తరగతుల్లో కూర్చుని టీచర్లను గమనించారు. ప్రశ్న వేశాక వాళ్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. తర్వాత ఇంకొకరిని లేపుతారు, లేదా తామే చెప్పేస్తారు. ఆ వ్యవధిని మూడు సెకన్లకో ఇంకాస్త ఎక్కువకో పెంచితే పిల్లల జవాబుల నిడివి పెరిగింది, ‘తెలీదు’ అనడం తగ్గింది, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా చెప్పడం మొదలుపెట్టారు. ఫోన్‌లో ఉన్నవాడు బడిపిల్లాడు కాదు, నిజమే. కానీ మాట బయటికి రావడానికి సమయం పడుతుందన్నది అక్కడా ఇక్కడా ఒకటే. సిగ్గు కప్పిన మాటకైతే ఇంకా ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు అదే కాల్ మళ్లీ.

“ఏం లే మేడం. ఊకెనే చేసిన.”

“ఊరికే అయినా సరేనండి. నేను లైన్‌లోనే ఉంటాను. తొందరేం లేదు.”

చాలాసేపు ఏమీ లేదు. ఊపిరి వినబడుతోంది.

“రిజల్ట్ వచ్చింది.”

“రిజల్ట్ వచ్చింది...”

“మొన్న.”

“ఊఁ.”

మళ్లీ ఖాళీ. వాలంటీరు లోపల్లోపల పది దాకా లెక్కపెట్టుకుంది.

“ఇంట్ల చెప్పలే.”

“ఇంట్లో చెప్పలేదు.”

“అంటే... వచ్చిందని చెప్పిన.”

“ఉద్యోగం వచ్చిందని చెప్పారు.”

“మా నాన్న ఊరంత చెప్పిండు మేడం.”

ఇక్కడికొచ్చేసరికి కథే మారిపోయింది. పరీక్ష పోవడం కాదు అసలు ముల్లు. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని తండ్రి ఊరంతా చెప్పుకుంటున్నాడు, ఆ కొడుకు ఇక ఊరికి ఎలా వెళ్తాడు? ‘వచ్చేసారి రాయండి’ అన్న సలహా ఈ కష్టానికి అంటనైనా అంటదు. ‘అమ్మానాన్నల్ని తలుచుకోండి’ అన్నది అయితే సరిగ్గా ఆ ముల్లునే లోపలికి దించింది.

వాలంటీరు చేసిందేమిటో చూడండి, చాలా తక్కువ. అతని చివరి మాటని అతనికే తిరిగి ఇచ్చింది, ప్రశ్నలాగా సాగదీయకుండా, తీర్పులాగా ముగించకుండా. ‘వచ్చిందని చెప్పిన’ అన్నప్పుడు ‘అబద్ధం చెప్పారా?’ అనలేదు. ‘ఎందుకలా చెప్పారు?’ అనీ అనలేదు. ఎందుకు అన్నది మన ఇళ్లలో సంజాయిషీ అడిగే మాట, దానికి నిజం రాదు, సాకు వస్తుంది. ఏమైంది, ఎప్పటి నుంచి, ఇప్పుడెలా ఉంది అని అడిగితే చెప్పుకోవడానికి చోటు ఉంటుంది. ఇక ‘ఊఁ’ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన నాయనమ్మలు కథ చెబుతూ ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే ఆపేసేవాళ్లు. ఫోన్‌లో మీ మొహం కనబడదు కాబట్టి, మీరు అక్కడ ఉన్నారనడానికి అదొక్కటే గుర్తు. కానీ చిలకలా వరసగా కొడుతూ పోతే అదీ చెడుతుంది, టీవీ చూస్తూ మాట్లాడుతున్నారనుకుంటాడు. అతని యాసను అనుకరించబోకండి కూడా. మీ తెలుగు మీరు మాట్లాడండి, అతనిది అతన్ని మాట్లాడనివ్వండి.

ఆ తర్వాత ఏం జరిగిందో వినండి.

“నాన్నగారు ఊరంతా చెప్పారని తెలిసినప్పటి నుంచీ మీకెలా ఉంది?”

“ఊరికి పోలేను. ఈడ ఉండలేను.”

“ఎక్కడా ఉండలేనన్నట్టు ఉంది మీకు. ఒక్క మాట సూటిగా అడుగుతాను. చనిపోవాలనిపిస్తోందా?”

ఇదే అన్నిటికన్నా పొడుగైన మౌనం. వాలంటీరు దాన్ని తుంచలేదు.

“ఆఁ.”

ఈ ప్రశ్న అడగడానికి మీరంతా భయపడతారు. లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందేమోనని. దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో రెండు వేలకు పైగా విద్యార్థుల్ని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, ఇంకో గుంపును అడగలేదు. అడిగినందువల్ల ఆ ఆలోచనలు గానీ దిగులు గానీ పెరగలేదని 2005లో ఫలితాలు వచ్చాయి. అప్పటికే కుంగి ఉన్న పిల్లల్లో అడగడం కాస్త మేలే చేసినట్టు కనిపించింది. కాబట్టి అడగండి, చుట్టూ తిప్పకుండా అడగండి. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అన్నది ప్రశ్న కాదు. లేవు అని చెప్పించుకోవడం అది. చనిపోవడం అన్న మాట మీ నోటి నుంచి మామూలు గొంతుతో వస్తే, ఈమె ముందు ఈ మాట అనొచ్చన్నమాట అని అతనికి తెలుస్తుంది.

ఆఁ అన్నాక ఏం చేయాలో వచ్చే వారం వివరంగా నేర్చుకుంటాం. స్థూలంగా చెబితే: ఈ రాత్రేనా, ఎలా అనేది ఆలోచించుకున్నారా, అందుకు కావలసింది గదిలో చేతికందేలా ఉందా, ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించారా. వీటిని కూడా పోలీసు ప్రశ్నల్లా గుప్పించకూడదు. ఒక్కోదానికీ జవాబు రానివ్వాలి. ప్రమాదకరమైనది దగ్గరుంటే దాన్ని దూరం పెట్టించడం, లేదా అతనే దానికి దూరంగా వెళ్లేలా చూడటం ముందు పని. ఎందుకంటే ఈ తీవ్రత చాలామందిలో వచ్చి తగ్గే అలలాంటిది, ఆ కాసేపు గడవాలి.

మన కుర్రాడి కాల్‌లో దారి కూడా అతని నోటి నుంచే వచ్చింది. ఈ రాత్రి ఒంటరిగా ఉండకుండా ఎవరి దగ్గరికైనా వెళ్లగలరా అని అడిగితే, దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్నాన్న కొడుకు ఉన్నాడన్నాడు. అతనికి నిజం తెలుసా అంటే, తెలియదు గానీ చెప్పగలను అన్నాడు. తండ్రికి ఎలా చెప్పాలన్న పెద్ద ముడి ఆ రాత్రి విప్పలేదు. అన్నకు ఫోన్ చేసి రమ్మనడం, అతను వచ్చేదాకా ఇదే లైన్‌లో ఉండటం, మర్నాడు మళ్లీ మాట్లాడటం. అంతే. పగలైనా రాత్రైనా ఉచితంగా తెలుగులో మాట్లాడగలిగే టెలి మానస్ నంబరు 14416 కూడా ఇచ్చారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ అది. అవసరమైతే అక్కడి నుంచి మానసిక వైద్యుల దాకా దారి ఉంటుంది.

ఇంతవరకు విని, ‘ఓహో, ఊఁ కొడుతూ కూర్చుంటే చాలన్నమాట’ అనుకునేవాళ్లు మీలో ఉంటారు. వాళ్ల కోసం ఒక చేదు మాత్ర. బ్రయన్ మిషారా అనే కెనడా పరిశోధకుడూ ఆయన సహచరులూ అమెరికాలో 14 హెల్ప్‌లైన్ కేంద్రాలకు వచ్చిన రెండున్నర వేలకు పైగా కాల్స్ పక్కనుంచి విన్నారు. 2007లో ప్రచురించారు. మాట తిప్పి చెప్పడం, భావాన్ని పలకడం లాంటి వినే మెళకువలు మాత్రమే ఉంటే కాల్ చివరికి మనిషి బాగుపడ్డాడని తేలలేదు. సానుభూతి, గౌరవం, అండగా నిలబడటం, కలిసి దారి వెతకడం ఉన్న కాల్సే మంచి ఫలితమిచ్చాయి. నాకు ఈ అధ్యయనం ఇష్టం, మా వృత్తి గర్వాన్ని కాస్త దించుతుంది కాబట్టి. వినడం గొప్పదని చెప్పి అక్కడే ఆగిపోకూడదు. ముందు వినాలి, ఆ తర్వాత పరిష్కారం, అదీ ఇద్దరూ కలిసి. మొదటిది లేకుండా రెండోదానికి వెళితే ఏమవుతుందో ‘థ్యాంక్స్ మేడం’ కాల్‌లో చూశారు. మొదటిదాని దగ్గరే కూర్చుండిపోతే దిల్‌సుఖ్‌నగర్ అన్న పేరు బయటికే రాదు.

మౌనాలన్నీ ఒకటి కావు కూడా. ఏడుస్తున్నవాళ్ల మౌనంలో ఊపిరి తెగుతూ ఉంటుంది, అక్కడ ‘ఏడవండి, నేనున్నాను’ అంటే చాలు. కొందరు మిమ్మల్ని పరీక్షిస్తారు, రెండుసార్లు ఫోన్ చేసి పెట్టేసి మూడోసారి మాట్లాడతారు, కాబట్టి పెట్టేసిన ఫోన్ మీద విసుక్కోకండి. మరికొందరికి పక్కన ఎవరో ఉంటారు. అత్తింట్లో ఉన్న అమ్మాయి పొడిపొడిగా ‘ఆఁ’, ‘లేదు’ అంటుంటే అనుమానించండి. “మాట్లాడటానికి వీల్లేకుండా పక్కన ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆఁ అనండి చాలు” అని మీరే దారి ఇవ్వండి. అప్పుడు ప్రశ్నలన్నీ అవును, కాదులతో తేలేలా మార్చుకోవాలి, మామూలుగా మేం వద్దనే పద్ధతే అక్కడ పనికొస్తుంది. ఎవరైనా కొడుతున్నారా, ఇప్పుడు ప్రమాదమా, మళ్లీ చేయగలరా.

ఒక మౌనం దగ్గర మాత్రం ఈ వరసంతా తిరగబడుతుంది. మాట ముద్దగా వస్తున్నా, మగతగా ఉన్నట్టున్నా, ఇప్పటికే ఏదైనా మింగానని చెప్పినా ఇక లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు. ఏం తీసుకున్నారు, ఎప్పుడు, ఎక్కడున్నారు, తలుపు గడియ తీయగలరా అని వెంటనే అడగాలి. మీ పక్కనున్న సీనియర్‌కు చెయ్యి ఊపి చెప్పాలి, 108కి ఆయన ఫోన్ చేస్తారు. మత్తులో ఉన్నవాణ్ని ఓపికగా వినడం ఓపిక కాదు.

ఇక కుర్చీలు తిప్పుకోండి. ఇద్దరిద్దరు వీపులు ఆనించుకుని కూర్చోవాలి, ఫోన్‌లో మొహం కనబడదు కాబట్టి. ఒకరికి చీటీ ఇస్తాను, అందులో మీ కష్టం రాసి ఉంటుంది. మీరు ఒక్కో జవాబుకు అయిదు మాటలు మించి మాట్లాడకూడదు. రెండోవారు పది నిమిషాల దాకా సలహా ఇవ్వకూడదు. ఎదుటివారి మాట ఆగాక మూడు అంకెలు లెక్కపెట్టకుండా నోరు తెరవకూడదు. గంట కొట్టాక ముందు మాట్లాడేది కాలర్‌గా కూర్చున్నవాళ్లు: ఎక్కడ చెప్పాలనిపించింది, ఏ మాట దగ్గర మనసు మూసుకుంది. విన్నవాళ్లు సంజాయిషీ చెప్పకూడదు, రాసుకోవాలి. పెన్నులు తెచ్చుకోనివాళ్లు ఆ బల్ల మీద తీసుకోండి.